డాక్ పెడితే నల్ల తెర వస్తోందా? డాక్‌ని తిట్టే ముందు అది ఎప్పుడు నల్లబడిందో చూడండి

డాక్‌కి కనెక్ట్ చేసి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, పవర్ లైట్ వెలుగుతుంది, మానిటర్ మీద మాత్రం No Signal. రెండు నిమిషాలు చూసి విసుగొచ్చి డాక్ కేబుల్ పీకేస్తే ల్యాప్‌టాప్ హాయిగా బూట్ అయిపోతుంది. ఇక తీర్పు వచ్చేసినట్టే: "డాక్ పోయింది బ్రో, రిటర్న్ పెట్టేయ్."

ఈ తీర్పుతోనే నాకు పేచీ. కేబుల్ పీకితే బాగయింది కాబట్టి తప్పు డాక్‌దే అనడం పైకి సబబుగానే ఉంటుంది. కానీ థండర్‌బోల్ట్ డాక్‌కి వెళ్లే ఆ ఒక్క కేబుల్‌లో ఏమేం పోతున్నాయో ఆలోచించండి. రెండు మానిటర్ల వీడియో, యూఎస్‌బీ పరికరాల డేటా, నెట్‌వర్క్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ట్రాఫిక్, పైగా ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్. ఆ కేబుల్ తీసేస్తే వీటన్నిటినీ ఒకేసారి తీసేసినట్టు. పది వైర్లు కలిపి ఉన్న ప్లగ్ పీకి, అందులో ఏ వైర్ పాడైందో తెలిసిపోయింది అనుకుంటే ఎలా?

డాక్ ధర చూస్తే ఇది చిన్న విషయమేమీ కాదు. మంచి థండర్‌బోల్ట్ డాక్ డబ్బులతో మధ్యతరగతి ఫోన్ ఒకటి వచ్చేస్తుంది. రిటర్న్ గడువు చూస్తే కొద్ది రోజులే. ఆ రోజుల్లో తప్పుడు చోట వెతికితే, కొత్త డాక్ వచ్చాక కూడా అదే నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. అందుకే నా వాదన ఒక్కటే. ఏ భాగం పాడైంది అని మొదట అడగకండి. బూట్‌లో ఏ క్షణంలో ఆగింది అని అడగండి. ఆ క్షణం తెలిస్తే ఫర్మ్‌వేరా, డ్రైవరా, కేబులా అనేది సగం తేలిపోతుంది.

ముందు మూత తెరవండి

డాక్ వాడేవాళ్లలో చాలామంది ల్యాప్‌టాప్ మూత మూసి, పక్కన నిలబెట్టి వాడతారు. డెస్క్ నీట్‌గా ఉంటుంది, నిజమే. కానీ సమస్య వెతికేటప్పుడు మూత మూసి ఉంటే మీరు కళ్లు మూసుకుని వెతుకుతున్నట్టే. చాలా ల్యాప్‌టాప్‌లు విండోస్ రాకముందు వచ్చే స్క్రీన్లను సొంత డిస్‌ప్లే మీదే చూపిస్తాయి. బయోస్ ఏదో ఎర్రర్ చెప్పి Enter నొక్కమంటుండొచ్చు, బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుండొచ్చు. అవన్నీ మూత కింద జరిగిపోతుంటాయి, మనం బయట మానిటర్ చూసి "హ్యాంగ్ అయింది" అంటాం.

మూత తెరిచాక చేయాల్సిన రెండో పని ఇంకా తేలిక. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ మీద Caps Lock నొక్కండి. డాక్‌కి పెట్టిన కీబోర్డ్ మీద కాదు, ఎందుకంటే అది డాక్ మీద ఆధారపడి పనిచేస్తుంది. లైట్ ఆరి వెలుగుతుంటే మెషీన్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావట్లేదు. లైట్ కదలకపోతే మెషీన్ నిజంగానే బిగుసుకుపోయి ఉండొచ్చు. నల్ల తెర, ఫ్రీజ్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ కారణాలు వేరు. ఈ ఒక్క టెస్ట్ చేయకుండా ఎవరైనా "ఫ్రీజ్ అవుతోంది" అంటే నేను నమ్మను. లైట్ లేని కీబోర్డ్ అయితే వాల్యూమ్ నొక్కి చూడండి, లేదా విండోస్ వచ్చి ఉంటుందనుకుంటే పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ శబ్దమో నోటిఫికేషనో వస్తుందేమో వినండి.

ఇక ఆగే క్షణాలు. మొదటిది, కంపెనీ లోగో దగ్గరే ఆగిపోవడం, అంటే కింద గుండ్రంగా తిరిగే చుక్కలు ఇంకా రాకముందు. అప్పటికి విండోస్ మొదలే కాలేదు, కాబట్టి విండోస్ డ్రైవర్‌ని అనడానికి లేదు. అది బయోస్, డాక్ ఫర్మ్‌వేర్, లేదా డాక్ వెనక తగిలించిన పరికరం. రెండోది, చుక్కలు తిరిగాక నల్లబడటం. ఇక్కడ విండోస్ తన గ్రాఫిక్స్ డ్రైవర్‌ని లోడ్ చేసుకుని తెరని బయోస్ చేతుల్లోంచి తీసుకుంటుంది. ఆ చేతులు మారే చోట తేడా వస్తే అనుమానం డ్రైవర్ మీదకి పోవాలి. మూడోది, లాగిన్ అయ్యాక ఎప్పుడు పడితే అప్పుడు, ఒక్కోసారి కేబుల్ కదిలినప్పుడు, తెర పోయి వస్తుండటం. దీనికి కేబుల్ మీద కన్నేయాలి.

ఇది ఇనుప సూత్రం అనుకోకండి. పాడైన కేబుల్ మొదటి దశలో కూడా గొడవ చేయగలదు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. డాక్ అని అమ్మేవన్నీ ఒక జాతి కావు. డిస్‌ప్లేలింక్ చిప్‌తో వచ్చే డాక్‌లు బొమ్మని యూఎస్‌బీ డేటాగా పంపుతాయి, దానికి విండోస్‌లో డ్రైవర్ నడుస్తుండాలి. అంటే డ్రైవర్ లోడయ్యేదాకా బయట మానిటర్ నల్లగానే ఉంటుంది. బయోస్ స్క్రీన్, బిట్‌లాకర్ పిన్ స్క్రీన్ అక్కడ కనపడవు. అది రిపేర్ చేయాల్సిన లోపం కాదు, ఆ టెక్నాలజీ అంతే. థండర్‌బోల్ట్ డాక్ కొన్నామనుకుని డిస్‌ప్లేలింక్ డాక్ మీద గంటలు వేస్ట్ చేసినవాళ్లని చూశాను. బాక్స్ మీద ఆ పేరు ఉందేమో ముందు చూసుకోండి.

ఒకే కంప్లైంట్, రెండు జబ్బులు

మా టీమ్‌లో సీనియర్ అన్న ఒకరున్నారు. ఆయన సెటప్: థండర్‌బోల్ట్ 4 పోర్ట్ ఉన్న ఆఫీస్ ల్యాప్‌టాప్, ఒక థండర్‌బోల్ట్ డాక్, దానికి రెండు 1440p మానిటర్లు, ల్యాన్ కేబుల్, కీబోర్డ్, మౌస్, బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. వారంలో రెండు మూడు రోజులు పొద్దున ఆన్ చేయగానే నల్ల తెర. ఐటీ వాళ్లు డాక్ మార్చారు. కొత్త డాక్‌తో కూడా అదే. దాంతో "ల్యాప్‌టాప్ పోర్టే పోయింది, మదర్‌బోర్డ్ మార్చాలి" దాకా వెళ్లింది కథ.

నేను ఆయనతో అన్నది ఒక్కటే. "అన్నా, ఒక వారం మూత తెరిచి ఉంచి ఆన్ చేయండి. ఎక్కడ ఆగిందో ఫోన్‌లో ఫొటో తీయండి."

వారం తర్వాత ఫొటోలు చూస్తే రెండు రకాలు. కొన్ని రోజులు లోగో దగ్గరే ఆగింది, చుక్కలు లేవు, Caps Lock కదల్లేదు. ఇంకొన్ని రోజులు చుక్కలు తిరిగాయి, తర్వాత అన్ని తెరలూ నల్లబడ్డాయి, కానీ Caps Lock పనిచేస్తోంది. అంటే ఒకే కంప్లైంట్ పేరుతో రెండు వేర్వేరు సమస్యలు. డాక్ మార్చినా ఎందుకు తగ్గలేదో, ఒక రోజు పనిచేసిన చిట్కా మర్నాడు ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది.

ముందు లోగో దగ్గర ఆగేదాన్ని పట్టుకున్నాం. పద్ధతి బోరింగే, కానీ వేరే దారి లేదు. డాక్ నుంచి అన్నీ పీకేసి ఒక్కొక్కటీ తగిలిస్తూ, ప్రతిసారీ 5 కోల్డ్ బూట్‌లు. కోల్డ్ బూట్ అంటే పూర్తిగా ఆఫ్ చేసి, అర నిమిషం ఆగి ఆన్ చేయడం. పూర్తిగా ఆఫ్ కావడానికి స్టార్ట్ మెనూ వాడకుండా ఈ కమాండ్ వాడాం, ఎందుకో కింద చెప్తాను.

```
shutdown /s /t 0
```

ఉత్త డాక్ మాత్రమే పెడితే 5కి 5 సార్లూ బూట్ అయింది. మానిటర్లు కలిపాం, 5కి 5. ల్యాన్, కీబోర్డ్, మౌస్ కలిపాం, 5కి 5. హార్డ్‌డిస్క్ కలిపాం, 5లో 3 సార్లు లోగో దగ్గర ఆగింది. అదే డిస్క్‌ని డాక్‌కి కాకుండా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి నేరుగా పెడితే మళ్లీ 5కి 5. అంటే డిస్క్ బాగానే ఉంది, డాక్ బాగానే ఉంది. డాక్ వెనక డిస్క్ ఉన్నప్పుడు బయోస్‌కి పడట్లేదు.

ఎందుకంటే, ఆన్ చేయగానే బయోస్ బూట్ చేయగల పరికరాలు ఏమున్నాయా అని వెతుకుతుంది. డాక్ వెనక ఉన్న డిస్క్, డాక్‌లోని నెట్‌వర్క్ కార్డ్ కూడా ఆ లిస్ట్‌లోకి రావచ్చు. అవి సరిగ్గా జవాబివ్వకపోతే బయోస్ అక్కడే ఎదురు చూస్తుంది. బయోస్‌లో దీనికి సంబంధించిన సెట్టింగ్‌లు ఉంటాయి, పేరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. థండర్‌బోల్ట్ పేజీలో Boot Support, Pre-boot లాంటి మాటలు కనిపిస్తే అవే. అన్న ల్యాప్‌టాప్‌లో ఆ ప్రీ-బూట్ సెట్టింగ్ ఆఫ్ చేశాం, డిస్క్ ఉన్నా 5కి 5 బూట్ అయింది. మళ్లీ ఆన్ చేశాం, మళ్లీ ఆగింది. ఇలా వెనక్కి తిప్పి చూడటం చాలామంది వదిలేస్తారు. సమస్య పోయిందంటే మనం చేసిన మార్పు వల్లే పోయిందని గ్యారంటీ లేదు, అది అప్పుడప్పుడు వచ్చే సమస్య కదా. మార్పు తీసేస్తే తిరిగి రావాలి, అప్పుడే కారణం దొరికినట్టు.

ఆ తర్వాత చూస్తే ఆయన బయోస్ మూడు వెర్షన్లు వెనక ఉంది. అప్‌డేట్ చేశాక ప్రీ-బూట్ ఆన్‌లో ఉంచినా, డిస్క్ తగిలించి ఉన్నా, వరసగా 10 సార్లు బూట్ అయింది. అది ఫర్మ్‌వేర్ లెక్క. అప్‌డేట్ దొరకని పాత మెషీన్ అయితే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంచుకోవచ్చు. కాకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో డాక్‌కి పెట్టిన కీబోర్డ్ బయోస్‌లో పనిచేయదు, డాక్ ద్వారా నెట్‌వర్క్ బూట్ కూడా ఉండదు. ఇంట్లో వాడేవాళ్లకి అది పెద్ద నష్టమేం కాదు.

ఇక రెండో జబ్బు, చుక్కల తర్వాత నల్లబడేది. ఇక్కడ అడగాల్సింది: Restart చేస్తే వస్తోందా, Shut down చేసి ఆన్ చేస్తే వస్తోందా? అన్న కేసులో రీస్టార్ట్‌లో ఒక్కసారి కూడా రాలేదు. సాయంత్రం Shut down చేసి పొద్దున ఆన్ చేస్తేనే వచ్చేది. ఈ తేడా చాలామందికి వింతగా ఉంటుంది, కానీ విండోస్‌లో Fast Startup ఆన్‌లో ఉంటే Shut down అనేది పూర్తి ఆఫ్ కాదు. విండోస్ కెర్నల్‌ని, డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచిపెట్టి, పొద్దున అక్కడి నుంచే లేపుతుంది. Restart మాత్రం అన్నిటినీ కొత్తగా లోడ్ చేస్తుంది. అంటే సాయంత్రం డాక్ తీసేసి ఇంటికి తీసుకెళ్లి, అక్కడ ఆఫ్ చేసి, పొద్దున ఆఫీస్‌లో డాక్ పెట్టి ఆన్ చేస్తే, డ్రైవర్ దాచుకున్న లెక్కకీ ఎదురుగా ఉన్న మానిటర్లకీ పొంతన ఉండదు. మంచి డ్రైవర్ సర్దుకుంటుంది, కొన్ని వెర్షన్లు సర్దుకోలేవు. ఇందాక షట్‌డౌన్ కమాండ్ వాడింది ఇందుకే. అలా కమాండ్‌తో చేసే షట్‌డౌన్ Fast Startup దారిలో వెళ్లదు.

నల్లబడినప్పుడు ఆయన్ని Win+Ctrl+Shift+B నొక్కమన్నాను. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని రీసెట్ చేసే షార్ట్‌కట్. ఒక బీప్, రెండు సెకన్లు, మూడు తెరలూ వచ్చేశాయి. డాక్ అదే, కేబుల్ అదే, మానిటర్లు అవే. మారింది డ్రైవర్ స్థితి ఒక్కటే. దీనికంటే స్పష్టమైన సాక్ష్యం ఇంకేం కావాలి? Control Panelలో Power Options, అందులో Choose what the power buttons do, అక్కడ Turn on fast startup టిక్ తీసేశాం. తర్వాత రాలేదు. సరైన మందు కొత్త గ్రాఫిక్స్ డ్రైవరే, కానీ ఆఫీస్ ల్యాప్‌టాప్ కాబట్టి డ్రైవర్ వెర్షన్ ఐటీ వాళ్ల చేతిలో ఉంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో Fast Startup లేకపోతే పోయేది కొన్ని సెకన్లే, ఆయనకి దాంతో ఇబ్బంది లేదు.

మదర్‌బోర్డ్ మార్చి ఉంటే? కొత్త బోర్డ్ మీద కొత్త బయోస్ వచ్చి మొదటి జబ్బు పోయేదేమో, "చూశావా, పోర్టే పోయింది" అనుకునేవాళ్లం. రెండోది మాత్రం అలాగే ఉండేది.

కేబుల్ అబద్ధం ఎలా ఆడుతుంది

అన్న కేసులో కేబుల్ నిర్దోషి. కానీ అది ఊహతో తేల్చలేదు, కొలిచాం. ఐటీ వాళ్ల అనుమతి తీసుకుని ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, టెర్మినల్‌లో ఇది కొట్టాం.

```
boltctl list
```

డాక్ పేరు కింద ఈ లైన్ కనిపించింది.

```
rx speed: 40 Gb/s = 2 lanes * 20 Gb/s
```

కేబుల్‌లో రెండు లేన్లు, ఒక్కోటి 20 జీబీపీఎస్, మొత్తం 40. లింక్ పూర్తి స్పీడ్‌లో నిలబడింది. ఇక్కడ 20 అని కనిపించినా, ఒకటే లేన్ చూపించినా కేబుల్ మార్చి చూడాలి. అసలు థండర్‌బోల్ట్ డాక్ ఈ లిస్ట్‌లోనే లేకపోతే, అది థండర్‌బోల్ట్‌గా కాకుండా మామూలు యూఎస్‌బీ-సీ డాక్‌గా దిగజారి పనిచేస్తోందన్నమాట. అప్పుడు కూడా మొదటి అనుమానం కేబులే, తర్వాత పోర్ట్.

విండోస్ 11లోనూ యూఎస్‌బీ4 మెషీన్ అయితే Settingsలో Bluetooth & devices, USB, అందులో USB4 hubs and devices చూస్తే డాక్ ఉందో లేదో తెలుస్తుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఇంకో లాభం కూడా ఉంది. అదే డాక్, అదే కేబుల్, అవే మానిటర్లు వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లో బాగుంటే, విండోస్ డ్రైవర్ మీద అనుమానం గట్టిపడుతుంది.

కేబుల్ విషయంలో మోసపోయేది ఎక్కువగా ఫోన్ ఛార్జర్‌తో వచ్చే సీ-టు-సీ కేబుల్‌తో. డాక్‌తో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉందని దాన్ని పక్కనపెట్టి, ఫోన్ కేబుల్ పెడతారు. ఆ కేబుల్స్‌లో చాలావాటిలో యూఎస్‌బీ 2.0 వైర్లు, ఛార్జింగ్ వైర్లు మాత్రమే ఉంటాయి, వీడియో మోసే హైస్పీడ్ వైర్లు ఉండవు. అందుకే ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది, డాక్‌కి పెట్టిన మౌస్ కదులుతుంది, మానిటర్లు మాత్రం చచ్చినా రావు. "మౌస్ పనిచేస్తోంది కదా, కేబుల్ బాగానే ఉంది" అనుకోవడం సహజం. నిజానికి మౌస్ మాత్రమే పనిచేస్తోందంటే అదే కేబుల్ మీద ఫిర్యాదు.

పొడుగు కూడా చూసుకోండి. థండర్‌బోల్ట్ 3 కాలంలో మామూలు పాసివ్ కేబుల్ పూర్తి 40 జీబీపీఎస్ ఇచ్చేది దాదాపు అర మీటర్ దాకానే. 2 మీటర్లకి పూర్తి స్పీడ్ కావాలంటే లోపల చిప్‌లున్న యాక్టివ్ కేబుల్ కావాలి. ఆ పాత యాక్టివ్ కేబుల్స్‌లో చాలావాటిని మామూలు యూఎస్‌బీ-సీ డాక్‌కి పెడితే బొమ్మ రాదు. థండర్‌బోల్ట్ 4తో ఈ గందరగోళం చాలావరకు పోయింది, 2 మీటర్ల కేబుల్ కూడా అన్నీ మోయాలి. కొనేటప్పుడు కనెక్టర్ మీద మెరుపు గుర్తు, దాని పక్కన 3 లేదా 4 అంకె ఉందో లేదో చూడండి. మెరుపు లేకుండా 100W అని మాత్రమే రాసుంటే అది ఛార్జింగ్ గురించి చెప్తోంది, వీడియో గురించి కాదు.

ఊగిసలాడే కేబుల్ అయితే లైనక్స్‌లో ఇది నడుపుతూ కనెక్టర్‌ని మెల్లగా కదపండి.

```
journalctl -k -f
```

కదిపిన ప్రతిసారీ device disconnected అని వస్తుంటే కనెక్టరో పోర్టో వదులైంది. వేరే మంచి కేబుల్‌తోనూ అలాగే వస్తే పోర్ట్.

ఫర్మ్‌వేర్ ఒక చోట ఉండదు

"ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, తగ్గలేదు" అనేవాళ్లని నేనడిగేది, ఏ ఫర్మ్‌వేర్? ల్యాప్‌టాప్ బయోస్ ఒకటి. ల్యాప్‌టాప్‌లోని థండర్‌బోల్ట్ కంట్రోలర్‌ది ఒకటి, పాత థండర్‌బోల్ట్ 3 మెషీన్లలో ఇది విడిగా వస్తుంది. డాక్ లోపలిది ఇంకొకటి. వీటిలో ఒకటి అప్‌డేట్ చేసి మిగతావి వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఆ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి 2017 నుంచి 2019 మధ్య వచ్చిన థింక్‌ప్యాడ్‌ల కథ చాలు. వాటిలో చాలా మోడళ్ల థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌ని వెంటనే అప్‌డేట్ చేయమని లెనోవో స్వయంగా సపోర్ట్ నోటీస్ ఇచ్చింది. లక్షణాల్లో యూఎస్‌బీ-సీ పోర్ట్ పనిచేయకపోవడం, డాక్ కనపడకపోవడం, హెచ్‌డీఎంఐ పోవడం, ఆన్ చేయగానే స్టార్టప్‌లోనే హ్యాంగ్ కావడం ఉన్నాయి. చూశారా, డాక్ వాడేవాడికి ఇది అచ్చం డాక్ పోయినట్టే ఉంటుంది. ఆ మోడళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో దొరుకుతున్నాయి. మీరు ఒకటి కొంటే డాక్ కొనే ముందు ఆ అప్‌డేట్ పడిందో లేదో చూసుకోండి. ఆలస్యమైతే అప్‌డేట్‌తో సరిపోక రిపేర్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

అప్‌డేట్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌కి సొంత ఛార్జర్ పెట్టండి, డాక్ అడాప్టర్ పీకకండి. బయోస్ జోలికి వెళ్లే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి, అప్‌డేట్ తర్వాత అడిగితే లేకపోవడం నల్ల తెర కంటే పెద్ద తలనొప్పి. కొన్ని డాక్‌ల అప్‌డేట్ కేబుల్ తీశాకే పూర్తవుతుంది, కాబట్టి తీసి కొన్ని నిమిషాలు వదిలేయండి. తర్వాత డాక్ అడాప్టర్ అర నిమిషం పీకి పెట్టడం మంచిది. డాక్ లోపల కూడా చిన్న చిన్న చిప్‌లు నడుస్తుంటాయి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేస్తే అవి ఆఫ్ కావు.

డ్రైవర్ గురించి పైన చాలానే చెప్పాను కాబట్టి ఒక్కటే కలుపుతాను. చుక్కల తర్వాత నల్లబడే కేసులో Safe Mode మంచి పరీక్ష. అందులో విండోస్ గ్రాఫిక్స్ కంపెనీ డ్రైవర్‌ని పక్కనపెట్టి ప్రాథమిక డ్రైవర్‌తో నడుస్తుంది. డాక్ పెట్టి ఉన్నా Safe Modeలో ప్రతిసారీ లేస్తూ, మామూలుగా మాత్రం నల్లబడుతుంటే, Device Managerలో గ్రాఫిక్స్ డ్రైవర్ తేదీ చూడండి. సమస్య మొదలైన వారంలోదే అయితే Roll Back Driver బటన్ అక్కడే ఉంది.

రివ్యూల్లో ఈ లెక్క ఎందుకుండదు?

డాక్ రివ్యూ అంటే ఇప్పటికీ పోర్టుల లిస్ట్, ఎస్‌ఎస్‌డీ స్పీడ్ గ్రాఫ్, మెటల్ బాడీ మీద రెండు పేరాలు. దాదాపు అందరూ నడుస్తున్న ల్యాప్‌టాప్‌కి డాక్ తగిలించి టెస్ట్ చేస్తారు. కొన్నవాడు మాత్రం రోజూ పొద్దున తగిలించి ఉన్న డాక్‌తో ఆన్ చేస్తాడు. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. నడుస్తున్న మెషీన్‌లో బయోస్ పని ఎప్పుడో అయిపోయింది, డ్రైవర్ కుదురుకుని ఉంది. అసలు గొడవంతా జరిగే చోటుని రివ్యూ దాటేసింది.

నేను చదవాలనుకునే డాక్ రివ్యూలో ఒక చిన్న పేరా చాలు: ఏ ల్యాప్‌టాప్, ఏ బయోస్ వెర్షన్, డాక్ ఫర్మ్‌వేర్ ఎంత, బాక్స్‌లోని కేబుల్ ఎంత పొడుగు, రెండు మానిటర్లు ఒక డిస్క్ తగిలించి 10 కోల్డ్ బూట్‌లలో ఎన్ని సరిగ్గా లేచాయి. అరగంట పని. ఆ 10లో ఒకటి ఫెయిలైనా, ఎక్కడ ఆగిందో రాస్తే చాలు, నాకు కొనాలో వద్దో తెలుస్తుంది.

మీరు వారంటీ కోసం మెయిల్ పెట్టినా ఇదే పద్ధతి. "డాక్ పనిచేయట్లేదు" అని రాస్తే, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి అని జవాబొస్తుంది, మూడు రోజులు పోతాయి. "లోగో దగ్గర, చుక్కలకి ముందు, Caps Lock కదలకుండా ఆగుతోంది, ఉత్త డాక్‌తో కూడా 5లో 4 సార్లు, వేరే ల్యాప్‌టాప్‌తోనూ, వేరే థండర్‌బోల్ట్ 4 కేబుల్‌తోనూ అంతే, మూడు ఫర్మ్‌వేర్‌లూ కొత్తవే" అని రాయండి, ఫొటో జతచేయండి. రెండు వేర్వేరు ల్యాప్‌టాప్‌లతో, ఏమీ తగిలించకుండా ఆగుతుంటే, అప్పుడు మాత్రం డాక్‌దే తప్పు. నిక్షేపంగా రిటర్న్ పెట్టేయండి.